బిల్డర్ టైముకు ఫ్లాట్ ఇయ్యలేదా? కట్టిన పైసలు వడ్డీతో వాపస్ అడుగుతూ లెటర్ ఎట్ల రాయాలె

నల్గొండ, మిర్యాలగూడ, దేవరకొండ దిక్కు నుంచి హయత్‌నగర్, ఆదిభట్ల సైడు ఫ్లాట్లు బుక్ చేసినోళ్లు, అట్లనే మహబూబ్‌నగర్, జడ్చర్ల నుంచి షాద్‌నగర్, శంషాబాద్ దిక్కు పెట్టినోళ్లు అందరూ అడిగేది ఒకటే. అగ్రిమెంట్ల రాసిన డేట్ అయిపోయింది, బిల్డింగ్ ఇంక పిల్లర్ల మీదనే ఉంది, మా పైసలు మాకు కావాలె, ఏం రాయాలె, ఎవరికి రాయాలె, వడ్డీ ఎంత అడగాలె. ఒక్కొక్కరికి విడిగ చెప్పుడు కన్నా ఒక్కసారి వివరంగ రాస్తే అయిపోతది అనిపించింది.

ముందుగాల ఒక ముచ్చట. ఈ లెటర్ల అన్నిటికన్నా ముఖ్యమైంది వడ్డీ లెక్క కాదు, బతిమిలాడుడు అంతకన్నా కాదు. మీరు ఎందుకు తప్పుకుంటున్నరు అన్న ఒక్క లైను. "మాకు అవసరం పడ్డది, క్యాన్సిల్ చేయండి" అని రాస్తే తప్పు మీ మీదకు వస్తది. "మీరు గడువు తప్పిన్రు కాబట్టి మేము తప్పుకుంటున్నం" అని రాస్తే తప్పు బిల్డర్ మీద ఉంటది. మొదటి దాంట్ల బుకింగ్ అమౌంట్ కోసుకునే హక్కు బిల్డర్‌కు వస్తది, రెండో దాంట్ల మొత్తం పైసలు వడ్డీతో ఇయ్యాల్సి వస్తది. కింద చెప్పేదంతా ఈ ఒక్క తేడాను కాపాడుకునేందుకే.

దగ్గర పెట్టుకోవాల్సినవి

అగ్రిమెంట్ ఆఫ్ సేల్ జిరాక్స్ కావాలె, అది లేకపోతే బుకింగ్ ఫారం, అలాట్‌మెంట్ లెటర్. కట్టిన ప్రతి పైసకు రసీదు, దాంతోపాటు బ్యాంకు స్టేట్‌మెంట్ల ఆ ఎంట్రీ కనపడే పేజీ. బిల్డర్ ఆఫీసు నుంచి వచ్చిన మెయిళ్లు, వాట్సాప్ మెసేజ్‌లు, ముఖ్యంగ "ఇంకో ఆర్నెల్లు ఆగండి" అన్న టైపువి. ప్రాజెక్టు రెరా నంబరు, అంటే రియల్ ఎస్టేట్ ప్రాజెక్టులను చూసే సర్కారు అథారిటీ రెరా కాడ రిజిస్టర్ అయిన నంబరు, ఇది అగ్రిమెంట్ల ఉంటది, లేకపోతే rera.telangana.gov.in ల ప్రాజెక్టు పేరుతో వెతికితే దొరుకుతది. ఈమధ్య సైటు కాడ తీసిన ఫొటోలు రెండు మూడు. లోన్ ఉంటే బ్యాంకు సాంక్షన్ లెటర్.

క్యాష్ ఇచ్చినోళ్లకు ఒక మాట. మన దిక్కు వడ్లు అమ్మిన పైసలో, ప్లాటు అమ్మిన పైసలో క్యాష్‌గ ఇచ్చుడు మామూలే, గని దానికి రసీదో, బిల్డర్ సంతకం ఉన్న కాయితమో, కనీసం "ఇన్ని పైసలు ముట్టినయి" అన్న మెసేజో లేకపోతే ఆ అమౌంట్ లెటర్ల కలపొద్దు. రుజువు లేని రెండు లక్షలు కలిపితే రుజువు ఉన్న పన్నెండు లక్షల మీద కూడ అనుమానం పెట్టడానికి వాళ్లకు సందు దొరుకుతది.

1. అసలు గడువు దాటిందా లేదా చూస్కోండి

అగ్రిమెంట్ల పొజెషన్ క్లాజు తీయండి. డేట్ పక్కనే చాలాసార్లు "గ్రేస్ పీరియడ్ ఆరు నెలలు" అని ఉంటది. అది కూడ కలిపి లెక్క పెట్టండి. గ్రేస్ అయిపోకముందే లెటర్ పెడితే బిల్డర్ లాయర్ ఒక్క లైనుతోని కొట్టేస్తడు.

ఇక్కడ బిల్డర్లు చెప్పే మాట ఒకటుంది: "రెరాల మాకు డేట్ పొడిగించిన్రు, ఇంక గడువు ఉంది" అని. ఆ పొడిగింపు రెరా రిజిస్ట్రేషన్‌కు సంబంధించింది, మీతోని చేసుకున్న అగ్రిమెంట్ డేట్‌ను అది మార్చదు. సుప్రీంకోర్టు 2020ల ఇంపీరియా స్ట్రక్చర్స్ కేసుల ఈ సంగతి తేల్చింది. మీరు సంతకం పెట్టి కొత్త డేట్ ఒప్పుకుంటే మాత్రం వేరే కథ, అందుకే గడువు దాటినంక వాళ్లు తెచ్చే "సప్లిమెంటరీ అగ్రిమెంట్" మీద చదవకుండ సంతకం పెట్టొద్దు.

"లేబర్ దొరుకుతలేరు, ఇసుక రేటు పెరిగింది, పర్మిషన్లు ఆలస్యమైనయి" అన్నది కూడ సాకే. రెరా చట్టం సెక్షన్ 6 ల చెప్పిన కారణాలు యుద్ధం, వరద, కరువు, అగ్నిప్రమాదం, తుఫాను, భూకంపం, అట్లాంటి ప్రకృతి విపత్తు. ఇసుక రేటు అందుల లేదు.

అగ్రిమెంట్ల డేటే లేదు, లేకపోతే అగ్రిమెంటే చేయలేదు అనేటోళ్లు కూడ చాలామందే. అట్లాంటప్పుడు బ్రోచర్ల, మెసేజ్‌లల చెప్పిన డేట్ చూపించండి. ఏ డేటూ లేకపోతే మూడేండ్లు న్యాయమైన గడువు అని 2018ల ఫార్చ్యూన్ ఇన్‌ఫ్రాస్ట్రక్చర్ కేసుల సుప్రీంకోర్టు అన్నది, దాన్ని పట్టుకోవచ్చు. ఇంకొకటి, రిజిస్టర్ చేసిన అగ్రిమెంట్ లేకుండ ధరల పది శాతం కన్నా ఎక్కువ తీసుకునుడే సెక్షన్ 13 కింద తప్పు. ఎక్కువ తీసుకుంటే అది కూడ లెటర్ల రాయండి.

2. రిఫండా, ఫ్లాటా? ముందే తేల్చుకోండి

సెక్షన్ 18(1) రెండు దారులు ఇస్తది. ఒకటి ప్రాజెక్టుల నుంచి తప్పుకొని మొత్తం పైసలు వడ్డీతో తీస్కునుడు. రెండోది ఫ్లాట్ కావాలనుకొని, చేతికి ఇచ్చేదాక ఆలస్యమైన ప్రతి నెలకు వడ్డీ తీస్కునుడు. రెండూ ఒకే లెటర్ల అడగొద్దు. "పైసలన్నా ఇయ్యండి, ఫ్లాటన్నా ఇయ్యండి" అని రాస్తే, రెండు నెలల్ల ఫ్లాట్ ఇస్తమని జవాబు రాసి ఇంకో ఏడాది తిప్పుతరు.

తప్పుకునేది ఖాయమైతే లేట్ చేయొద్దు. ఆక్యుపెన్సీ సర్టిఫికెట్, అంటే బిల్డింగ్ల ఉండొచ్చని ఇచ్చే కాయితం వచ్చి, తాళాలు తీస్కోమని పిలిచినంక రిఫండ్ అడిగితే మీ వాదన బలం తగ్గుతది. అట్లని సర్టిఫికెట్ లేకుండ "వచ్చి తీస్కోండి" అని లెటర్ పంపితే భయపడొద్దు. ఆ సర్టిఫికెట్ మున్సిపాలిటో, జీహెచ్‌ఎంసీనో, హెచ్‌ఎండీఏనో ఇయ్యాలె, దాని కాపీ పంపమని తిరిగి అడగండి. లిఫ్టు లేని, కరెంటు మీటరు రాని ఫ్లాటుకు తాళం ఇచ్చుడు పొజెషన్ కాదు.

3. బిల్డర్ ఆఫీసుల ఇచ్చే క్యాన్సిలేషన్ ఫారం నింపొద్దు

ఎక్కువమంది ఆగమయ్యేది ఇక్కడనే. పైసలు వాపస్ అడిగితే ఆఫీసుల అమ్మాయి చాలా మర్యాదగ ఒక పేజీ ఫారం ముందల పెడ్తది. పైన మీ పేరు, ఫ్లాట్ నంబరు, మధ్యల "క్యాన్సిలేషన్‌కు కారణం" అని ఒక లైను, దాని కింద డబ్బాలు: ఆర్థిక ఇబ్బంది, వేరే ఊరికి బదిలీ, కుటుంబ కారణాలు, ఇతరములు. బిల్డర్ ఆలస్యం అన్న డబ్బా మాత్రం ఉండదు. కింద చిన్న అక్షరాల్ల "కంపెనీ నిబంధనల ప్రకారం కోతకు ఒప్పుకుంటున్నాను" అని. "సార్, ఏదో ఒకటి టిక్ పెట్టండి, ప్రాసెస్ కోసమే" అంటది.

ఆ టిక్ పెట్టిన్రా, మీ ఇష్టంతోని మీరే పోయిన్రు అన్నట్టు. బిల్డర్ తప్పు లేకుండ కొన్నాయన తప్పుకుంటే బుకింగ్ అమౌంట్ పట్టుకునే హక్కు మామూలుగ అగ్రిమెంట్లనే రాసి ఉంటది. ధరల పది శాతం అంటే యాభై లక్షల ఫ్లాటుకు అయిదు లక్షలు, వడ్డీ మాట దేవుడెరుగు.

ఆల్రెడీ నింపి ఇచ్చినోళ్లు వెంటనే ఇంకో లెటర్ పెట్టండి. గడువు దాటినందుకే తప్పుకుంటున్నమని, ఆఫీసుల వేరే ఫారం లేదన్నందుకు అది నింపినమని, కోతకు ఒప్పుకోలేదని రాయండి. ఎంత తొందరగ రాస్తే అంత విలువ.

4. వడ్డీ లెక్క వేయండి

తెలంగాణ రెరా రూల్స్ 2017 ప్రకారం వడ్డీ రేటు స్టేట్ బ్యాంకు ఎంసీఎల్ఆర్‌లల అన్నిటికన్నా ఎక్కువున్నది, దాని మీద రెండు శాతం. ఎంసీఎల్ఆర్ అంటే అప్పులకు బ్యాంకు పెట్టుకునే కనీస వడ్డీ రేటు, అప్పు గడువును బట్టి ఒక్కోటి ఉంటది, అది అప్పుడప్పుడు మారుతది, స్టేట్ బ్యాంకు వెబ్‌సైటుల చూసి లెటర్ రాసే రోజు రేటు తీస్కోండి, ఆ పేజీ ప్రింటు కూడ పెట్టుకోండి. అగ్రిమెంట్ల "చదరపు అడుగుకు నెలకు అయిదు రూపాయలు" లాంటి చిల్లర పరిహారం రాసి ఉంటే దానికే పరిమితం కావొద్దు. ఇట్లాంటి ఏకపక్ష షరతులు కొన్నోళ్లను కట్టిపడేయవని 2019ల పయనీర్ అర్బన్ కేసుల సుప్రీంకోర్టు చెప్పింది.

వడ్డీ ఏ రోజు నుంచి? అందరూ పొజెషన్ డేట్ నుంచి వేస్తరు, అది మీకే నష్టం. రిఫండ్ తీస్కునేటోళ్లకు బిల్డర్‌కు పైసలు ముట్టిన రోజు నుంచి, వాపస్ ఇచ్చే రోజు దాకా వడ్డీ వస్తది. చట్టంల వడ్డీ అంటే ఏందో చెప్పే సెక్షన్ 2 ల ఈ మాట స్పష్టంగ ఉంది. కాబట్టి ఒక్కో కిస్తీకి విడివిడిగ లెక్క కట్టాలె. మామూలు వడ్డీనే, చక్రవడ్డీ కాదు.

ఒక ఉదాహరణ తీస్కుందం. మిర్యాలగూడ ఆయన, ఫ్లాట్ ధర 48 లక్షలు, పొజెషన్ 31-12-2023, గ్రేస్ ఆరు నెలలు, అంటే 30-06-2024 తోని గడువు అయిపోయింది. ఇంకో ఏడాది చూసి 30-06-2025 నాడు లెటర్ రాసిండు. రేటు లెక్క సులువు కోసం 11 శాతం అనుకుందం.

10-06-2021 నాడు కట్టింది 2,00,000. రోజులు 1481. వడ్డీ 89,266.
15-09-2021 నాడు కట్టింది 6,00,000. రోజులు 1384. వడ్డీ 2,50,258.
20-02-2022 నాడు కట్టింది 4,00,000. రోజులు 1226. వడ్డీ 1,47,792.

అసలు 12,00,000, వడ్డీ 4,87,316, మొత్తం 16,87,316 రూపాయలు. ఆ తర్వాత ఇచ్చేదాక రోజుకు దాదాపు 362 రూపాయలు పెరుగుతది. ఇదే మనిషి గడువు అయిపోయిన రోజు నుంచి మాత్రమే వడ్డీ వేసుకొని ఉంటే 1,32,000 దగ్గర ఆగిపోయేది. మూడున్నర లక్షలకు పైన తనే వదులుకున్నట్టు.

ఎక్సెల్‌ల చేసేటోళ్లు అమౌంట్ ఎ కాలంల, కట్టిన డేట్ బి కాలంల, లెటర్ డేట్ ఈ1 ల పెట్టి ఇది వేయండి, 11 కాడ మీ రేటు మార్చుకోండి:

```
=ROUND(A2*11%*($E$1-B2)/365,0)
```

లెక్క సరిగ్గ వచ్చిందా అని చూడాలంటే లక్ష రూపాయలు, సరిగ్గ 365 రోజులు పెట్టి చూడండి, 11,000 రావాలె. ఏదన్న ఎర్రర్ చూపిస్తే మీ డేట్‌ను ఎక్సెల్ డేట్‌గ గుర్తుపట్టలేదన్నట్టు. అంతకన్నా డేంజర్ ఇంకొకటి, 10-06-2021 ని అక్టోబర్ 6 అనుకొని నిమ్మళంగ తప్పు లెక్క ఇస్తది, రోజుల సంఖ్య ఒకసారి కండ్లతోని చూస్కోండి.

జీఎస్టీ కట్టి ఉంటే అది కూడ అసల్ల కలపండి. "జీఎస్టీ గవర్నమెంటుకు పోయింది, మాకు సంబంధం లేదు" అంటరు. ఆలస్యం వాళ్లది, అది కూడ మీరు వాళ్ల చేతికి ఇచ్చిన పైసనే. బిల్లు తగ్గించి జీఎస్టీ సర్దుకునే క్రెడిట్ నోట్ ఇచ్చే టైము దాటిపోయిందని వాళ్లు అంటే, కొన్నాయనే నేరుగ జీఎస్టీ పోర్టల్‌ల రిఫండ్ అడిగే దారి 2022 డిసెంబర్ సర్క్యులర్‌తోని ఉంది, దానికి బిల్డర్ సర్టిఫికెట్ కావాలె, అది ఇయ్యమని కూడ లెటర్ల రాయొచ్చు.

5. లెటర్ రాయండి

ఒకటిన్నర పేజీ దాటొద్దు. సైటు చుట్టు ఎన్నిసార్లు తిరిగిన్రు, మార్కెటింగ్ ఆయన ఎంత పొగరుగ మాట్లాడిండు, ఇంట్ల ఎంత గొడవైంది, ఇవేవీ వద్దు. ఇద్దరి పేరు మీద ఫ్లాట్ ఉంటే ఇద్దరూ సంతకం పెట్టాలె, భార్య సంతకం మర్చిపోయి లెటర్ పంపినోళ్లు చానమంది. తెలుగుల రాయొచ్చు, రేపు అథారిటీ ముందల వాడుకునేది కాబట్టి ఇంగ్లీషుల రాయించుకుంటే ఇంకా సులువు, విషయం మాత్రం ఇదే ఉండాలె:

> తేదీ: 30-06-2025
>
> కు: మేనేజింగ్ డైరెక్టర్ / భాగస్వాములు, (కంపెనీ పేరు, రిజిస్టర్డ్ ఆఫీసు చిరునామా)
>
> విషయం: (ప్రాజెక్టు పేరు, రెరా రిజిస్ట్రేషన్ నంబరు), ఫ్లాట్ నం. ___, గడువులోగా స్వాధీనం ఇవ్వనందున సెక్షన్ 18(1) కింద ప్రాజెక్టు నుంచి తప్పుకొని, చెల్లించిన సొమ్ము వడ్డీతో తిరిగి ఇవ్వాలని కోరడం.
>
> 1. పై ఫ్లాటు కొనుగోలుకు మీతో ___ తేదీన అగ్రిమెంట్ ఆఫ్ సేల్ చేసుకున్నాము. మొత్తం ధర రూ. 48,00,000.
>
> 2. అగ్రిమెంటులోని ___ వ క్లాజు ప్రకారం మీరు 31-12-2023 లోగా, గ్రేస్ పీరియడ్ కలిపి 30-06-2024 లోగా స్వాధీనం ఇవ్వాలి. ఈరోజు వరకు ఇవ్వలేదు. ఆక్యుపెన్సీ సర్టిఫికెట్ కూడా రాలేదు.
>
> 3. మేము చెల్లించాల్సిన కిస్తీలన్నీ చెల్లించాము. ఇప్పటివరకు మీకు ముట్టిన మొత్తం రూ. 12,00,000. వివరాలు జతపరిచిన పట్టికలో ఉన్నాయి.
>
> 4. మీరు గడువు తప్పిన కారణంగా మాత్రమే మేము ఈ ప్రాజెక్టు నుంచి తప్పుకుంటున్నాము. ఇది మా ఇష్టపూర్వక రద్దు కాదు. ఎలాంటి కోతకు మేము ఒప్పుకోవడం లేదు.
>
> 5. రూ. 12,00,000 అసలు, ఈరోజు వరకు రూ. 4,87,316 వడ్డీ, మొత్తం రూ. 16,87,316, తర్వాత చెల్లించే రోజు వరకు రోజుకు రూ. 361.64 చొప్పున వడ్డీ కలిపి, ఈ లేఖ అందిన 30 రోజులలోగా కింది బ్యాంకు ఖాతాకు చెల్లించగలరు.
>
> 6. చెల్లించని పక్షంలో తెలంగాణ రెరా అథారిటీ లేదా వినియోగదారుల కమిషన్‌ను ఆశ్రయిస్తాము. పరిహారం, ఖర్చులు అడిగే మా హక్కును వదులుకోవడం లేదు.
>
> సంతకాలు, పేర్లు, చిరునామా, ఖాతా వివరాలు
>
> జతపరిచినవి: చెల్లింపుల, వడ్డీ పట్టిక, రసీదుల కాపీలు, అగ్రిమెంటులో సంబంధిత పేజీలు, సైటు ఫొటోలు

మూడో పాయింటు ఉత్తగ రాసింది కాదు. 48 లక్షల ఫ్లాటుకు 12 లక్షలే కట్టిన్రంటే బిల్డర్ మొదట అనేది "మీరే కిస్తీలు ఆపిన్రు" అని. కిస్తీలు స్లాబును బట్టి కట్టేటివైతే, ఏ స్లాబు దాకా పడ్డదో, ఆ స్లాబు దాకా మీరు కట్టిన్రని రాయండి. ఒక డిమాండ్ నోటీసు నిజంగనే ఎగ్గొట్టి ఉంటే ఆ లైను అట్లనే కాపీ కొట్టొద్దు. ఎందుకు ఆపిన్రో రాయండి, పని ఆగిపోయినంక ఆపితే ఆ పని ఆగిన నెల రాయండి.

30 రోజులు అనేది మనం పెట్టుకున్నది. అగ్రిమెంట్ల రిఫండ్‌కు వేరే గడువు రాసి ఉంటే అదే రాయండి, కొట్లాటకు ఇంకో కారణం ఎందుకు.

6. పంపండి, పంపినట్టు రుజువు ఉంచుకోండి

చేతికి ఇచ్చి స్టాంపు వేయించుకుందం అని పోతే "సార్ లేడు, మాకు స్టాంపు వేసే పవర్ లేదు" అంటరు. పోస్టే మంచిది. రిజిస్టర్డ్ పోస్టును 2025ల స్పీడ్ పోస్టుల కలిపేసిన్రు కాబట్టి, కౌంటర్ల స్పీడ్ పోస్టుకు రిజిస్ట్రేషన్, డెలివరీ రుజువు కావాలని అడగండి. అగ్రిమెంట్ల "నోటీసులు" అన్న క్లాజుల ఏ అడ్రస్ ఉందో దానికే ఒకటి, కంపెనీ రిజిస్టర్డ్ ఆఫీసు వేరే ఉంటే అక్కడికి ఇంకొకటి. సైటు ఆఫీసుకు మాత్రమే పంపితే వాచ్‌మన్ తీస్కుంటడు, తర్వాత ముట్టలేదంటరు. అదే రోజు స్కాన్ చేసి, అగ్రిమెంట్ల ఉన్న మెయిల్‌కు కూడ పంపండి.

ముట్టిందా అని ట్రాకింగ్‌ల చూసి ఆ పేజీ స్క్రీన్‌షాట్ వెంటనే తీస్కోండి, కొన్ని రోజులైనంక అది కనపడదు. "తీసుకోవడానికి నిరాకరించారు" అని కవర్ వాపస్ వస్తే చింపొద్దు. సీలు తీయకుండ అట్లనే దాచండి, వాళ్లకు లెటర్ పంపినట్టు అది కూడ మంచి రుజువే.

లోన్ ఉన్నోళ్లు ఒక కాపీ బ్యాంకుకు ఇయ్యాలె. రిఫండ్ వస్తే ముందుగాల బ్యాంకు బాకీ తీర్చాలని మీరు, బిల్డర్, బ్యాంకు కలిసి చేసుకున్న త్రైపాక్షిక ఒప్పందంల రాసి ఉంటది, అందుకే ఐదో పాయింటుల మీ ఖాతాతోపాటు లోన్ ఖాతా నంబరు కూడ రాయండి. కోపంతోని ఈఎంఐ ఆపొద్దు, సిబిల్ పాడైతే బిల్డర్ వచ్చి బాగుచేయడు.

7. జవాబు వచ్చినంక

మూడు రకాల జవాబులు వస్తయి. ఒకటి, ఫోన్ చేసి "ఆఫీసుకు రండి మాట్లాడుదం" అంటరు. పోండి, గని వచ్చినంక అదే రోజు "మీరు ఇట్ల అన్నరు, మేము ఇట్ల అన్నం" అని మెయిల్ పెట్టండి. రెండు, అసలు ఇస్తం, వడ్డీ ఇయ్యం అంటరు. ఇచ్చిన అసలు తీస్కోవచ్చు, గని "ఫుల్ అండ్ ఫైనల్ సెటిల్‌మెంట్" అన్న కాయితం మీద సంతకం పెట్టొద్దు. వడ్డీ హక్కు ఉంచుకొని పాక్షికంగ తీస్కుంటున్నమని రాసి ఇయ్యండి. వాళ్లు దానికి ఒప్పుకోకపోతే అప్పుడు మీరే ఆలోచించుకోవాలె, చేతికి వచ్చే పన్నెండు లక్షలు వదిలి ఏడాది రెండేండ్లు కొట్లాడుడు అందరి వల్ల కాదు, దాంట్ల తప్పు కూడ లేదు. మూడు, రాబోయే తారీఖులతోని చెక్కులు ఇస్తరు. చెక్కులు తీస్కుంటే ఒరిజినల్ రసీదులు, అగ్రిమెంటు ఇయ్యొద్దు. చెక్కు మీదున్న డేట్ నుంచి మూడు నెలల్ల వేయాలె, బౌన్స్ అయితే బ్యాంకు మెమో వచ్చిన 30 రోజుల్ల నోటీసు ఇయ్యాలె, ఆ టైము దాటితే చెక్కు కేసు పోతది.

జవాబే రాకపోతే, గడువు తెల్లారి నుంచి రెండు దారులు. రెరాల ఫారం ఎం తోని ఫిర్యాదు, ఆన్‌లైన్ల చేయొచ్చు. మానసిక వేదన లాంటి పరిహారం విడిగ కావాలంటే అది ఫారం ఎన్, దాన్ని అడ్జుడికేటింగ్ ఆఫీసర్ చూస్తడు. రెండోది వినియోగదారుల కమిషన్. 2019 చట్టం ప్రకారం మీరు ఉండే జిల్లాలనే వేయొచ్చు, అంటే ప్రాజెక్టు హయత్‌నగర్‌ల ఉన్నా నల్గొండ జిల్లా కమిషన్‌లనే, కట్టిన పైసలు 50 లక్షలు దాటకపోతే. e-jagriti.gov.in ల ఇంట్ల నుంచే వేయొచ్చు. హైదరాబాద్‌కు తిరుగుడు కష్టమయ్యే పెద్దమనుషులకు నేనైతే ఇదే చెప్త. ప్రాజెక్టు రెరాల రిజిస్టర్ అయి ఉండి, బిల్డర్ గట్టోడైతే రెరా మంచిది, ఎందుకంటే ఆర్డర్ మీద బిల్డర్ అప్పీలుకు పోవాలంటే మీకు ఇయ్యాల్సిన మొత్తం వడ్డీతో సహా ముందుగాల డిపాజిట్ చేయాలె. ఇయ్యకపోతే భూమి శిస్తు బకాయిలెక్క వసూలు చేసే దారి సెక్షన్ 40 ల ఉంది. రెండు కాడ ఒకేసారి వేయొద్దు, ఒక దాంట్ల కొట్టేస్తరు.

సెక్షన్ 18 కింద రిఫండ్ అడిగే హక్కుకు షరతులు లేవని, ఏ కారణంతోని ఆలస్యమైనా కొన్నాయన అడిగితే ఇయ్యాల్సిందేనని 2021 నవంబర్‌ల న్యూటెక్ ప్రమోటర్స్ కేసుల సుప్రీంకోర్టు చెప్పింది. ఫిర్యాదుల ఈ ఒక్క తీర్పు రాసినా చాలు, పది తీర్పులు కుప్పపోయొద్దు.

అగ్రిమెంట్ రిజిస్టర్ అయి ఉంటే పైసలు ఇచ్చే ముందు క్యాన్సిలేషన్ డీడ్ చేయమంటరు. చేయాల్సిందే, గని సబ్ రిజిస్ట్రార్ ఆఫీసుల సంతకం పెట్టే ముందే డీడీ చేతికి రావాలె, లేకపోతే ఆర్టీజీఎస్ మీ ఖాతాల పడాలె. "సాయంత్రం వరకు పడతయి, ముందు సంతకం పెట్టండి" అంటే ఆ రోజు స్లాటు పోయినా పర్వాలేదు, ఇంకో స్లాటు బుక్ చేస్కోండి.